పొట్లానికి పేరు పెట్టే ముందు: మసాలా మార్కా ఎంపికలో మెలకువలు

(మా వాణిజ్య ప్రతినిధి)

మిర్చి యార్డులో టిక్కీ చేతులు మారేటప్పుడు దాని మీద ఏ పేరున్నదని ఎవరూ అడగరు. కాయ రంగు చూస్తారు, చేత్తో నలిపి తేమ చూస్తారు, తాలు ఎంత కలిసిందో చూస్తారు, ధర చెపుతారు. అదే కాయ మరలో పడి పొడియై వంద గ్రాముల పొట్లంలోకి చేరిన తరువాత కొనేవారికి ఈ పరీక్షలేవీ సాధ్యం కావు. అక్కడ వారికి ఆధారం పొట్లం మీది పేరొక్కటే. క్రిందటి నెల కొన్న కారం బాగుంటే అదే పేరు చెప్పి మళ్ళీ అడుగుతారు, బాగుండకపోతే అదే పేరు గుర్తుపెట్టుకుని మానేస్తారు.

ఈ సంగతి వర్తకులకు తెలియనిది కాదు. అయినా కొత్తగా కారం, పసుపు, ధనియాల పొడి పొట్లాల వ్యాపారంలోకి దిగేవారు చాలామంది పనులను తలక్రిందులుగా చేస్తున్నారు. షెడ్డు వేస్తారు, మర బిగిస్తారు, భాగస్వామ్య పత్రం రాయిస్తారు, కవర్ల ప్రింటింగుకు అడ్వాన్సు ఇస్తారు. ఇంతా అయిన తరువాత, "ఈ పేరు మరెవరికైనా వున్నదా?" అని విచారిస్తారు. ఆ విచారణ మొదట జరిగితే ఖర్చు దాదాపు ఏమీ లేదు. చివర జరిగితే ఎంత అవుతుందో ముందుగా చూద్దాము.

సిలిండర్ల లెక్క

మసాలా పొట్లాల కవరు సామాన్యంగా రోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చవుతుంది. ఇందులో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సిలిండరు చెక్కాలి. కారం, పసుపు, ధనియాల పొడి, గరం మసాలా అని నాలుగు సరకులు, వంద గ్రాములు, రెండువందల గ్రాములు అని రెండు సైజులు అనుకుంటే ఎనిమిది డిజైన్లు. డిజైనుకు ఐదు రంగులు వేసుకుంటే నలభై సిలిండర్లు. కొన్ని రంగులకు ఒకే సిలిండరును రెండు మూడు డిజైన్లకు సర్దగలిగినా, పేరు అచ్చయ్యే సిలిండరు మాత్రం ప్రతి డిజైనుకూ వుంటుంది. పేరు మారితే అవన్నీ పనికిరానివే. పైగా ఫిల్ము రోళ్ళను ప్రింటర్లు కిలోల లెక్కన ఒక కనీస పరిమాణానికి తక్కువ అచ్చు వేయరు. కనుక గోడౌనులో నెలల తరబడికి సరిపడే కవరు నిలవ వుంటుంది. కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు వచ్చిన నాడు ఆ కవరు మాత్రమే కాదు, అందులో నింపి దుకాణాలకు పంపిన సరకు కూడా వెనక్కు తెప్పించుకోవలసిరావచ్చు. పొడి చేసిన కారం వెనక్కు వస్తే దాని రంగు, వాసన మొదటిలా వుండవని ఈ వ్యాపారస్థులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాము. గుంటూరు యార్డులో కమీషను వ్యాపారం చేసే కుటుంబంలో అన్నదమ్ములిద్దరు మసాలా పొడుల కంపెనీ పెట్టదలచారనుకుందాము. ఇంటిల్లిపాదీ కూర్చుని ఎనిమిది పేర్లు రాశారు. అవి: తేజ, గుంటూరు కారం, శ్రీలక్ష్మి, స్వచ్ఛ, కెంజాయ, పాలపిట్ట, గోరువంక, తంగేడు. ఈ పేర్లను విషయం విడమరచి చెప్పడానికే తీసుకున్నాము. ఇవి ఖాళీగా వున్నాయని గానీ, మరొకరివని గానీ పాఠకులు భావించరాదు.

ఇంట్లోనే కొట్టివేయదగినవి

మొదటి పేరు తేజ. తమ్ముడి కూతురి పేరు కనుక ఇంట్లో అందరికీ ఇష్టమే. కాని యార్డులో తేజ అంటే ఏమిటో అందరికంటె వీరికే బాగా తెలుసు. అది ఘాటైన ఒక మిరప రకం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 9వ సెక్షను ప్రకారం సరకు రకాన్ని, గుణాన్ని, పరిమాణాన్ని, ఉత్పత్తి స్థలాన్ని తెలిపే మాటలు గానీ, ఆ వర్తకంలో వాడుకలో స్థిరపడిన మాటలు గానీ ఒకరి సొంతం కావు. కారం పొట్లం మీద తేజ అని వుంటే కొనేవారు తేజ కాయ ఆడించిన కారమనే అనుకుంటారు. అందులో 334 రకమో, బాడిగ రకమో కలిపితే పేరే అబద్ధమవుతుంది. కలపకపోతే పేరు సరకు వర్ణన మాత్రమే అవుతుంది, ఎదుటివాడు కూడా తన పొట్లం మీద తేజ అని రాసుకోవచ్చు. ఎటు చూసినా లాభం లేదు.

గుంటూరు కారం అన్న పేరుకు అదే చిక్కు ఇంకా గట్టిగా తగులుతుంది. ఊరి పేరు, సరకు పేరు తప్ప అందులో మూడవదేదీ లేదు. ఊరి పేరుతో దశాబ్దాలుగా నడుస్తున్న సంస్థలు లేవా అని అడగవచ్చు. వున్నాయి. దరఖాస్తు నాటికే ఏళ్ళ తరబడి వాడకం వల్ల ఆ పేరు ఫలానా వారి సరకుకే చెందుతుందని కొనేవారిలో నాటుకుపోయిందని రుజువు చేయగలిగితే చట్టం ఒప్పుకుంటుంది. రేపు మొదలుపెట్టే కంపెనీకి ఆ రుజువు ఎక్కడిది? పోతే, "గుంటూరు సన్నం" అనే పేరు స్పైసెస్ బోర్డు పేరున భౌగోళిక గుర్తింపు పొందినది. ఆ కాయను పండించేవారు, శుద్ధిచేసి పొట్లాలు కట్టేవారు తగిన దరఖాస్తుతో అధికృత వాడకందారులుగా నమోదు కావచ్చు. కాని ఆ పేరును తమ సొంత మార్కాగా చేసుకోవడం వీలుకాదు.

శ్రీలక్ష్మి విషయంలో పెద్దవారికి పట్టుదల ఎక్కువ. తండ్రి కమీషను దుకాణం ఆ పేరు మీదనే నడిచింది. దేవతల పేర్లను మార్కాగా పెట్టుకోరాదని చట్టంలో నిషేధమేమీ లేదు. మత విశ్వాసాలను నొప్పించేదిగా వుండరాదనే వున్నది. అయితే అటువంటి పేరు దక్కినా దానికి బలం తక్కువ. అగరువత్తులకు "రామాయణ్" అనే పేరు కోసం సాగిన వివాదంలో సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన తీర్పు ఇక్కడ గుర్తుంచుకోదగినది. పవిత్ర గ్రంథం పేరును సరకుకు మార్కాగా ఒక్కరే గుత్తగా తీసుకోవడానికి వీలులేదని కోర్టు చెప్పింది. శ్రీలక్ష్మి గ్రంథం పేరు కాదు గాని, ఆ పేరు గల కిరాణా, పిండిమర, నూనె మిల్లు లేని ఊరు మన రాష్ట్రాలలో అరుదు. అంతమంది నడుమ మన శ్రీలక్ష్మిని వేరుగా గుర్తించవలసిన పని కొనేవారి మీద పడుతుంది. పెద్దవారి కోరిక తీరాలంటే సంస్థ పేరు శ్రీలక్ష్మి అనే వుంచి, పొట్లం మీద మార్కా వేరుగా పెట్టుకోవచ్చు. చాలా సంస్థలు చేస్తున్న పనే అది.

స్వచ్ఛ అన్నది పొగడ్త మాట. దానికి ట్రేడ్ మార్కు అడ్డంకితో పాటు ఆహార చట్టం అడ్డంకి కూడా వున్నది. 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనల ప్రకారం స్వచ్ఛమైన, సహజమైన, అసలైన, సంప్రదాయ వంటి మాటలు మార్కాలో వుండి, అవి కొనేవారిని పొరపాటు పడనిచ్చేవిగా వుంటే, ఇది కేవలం మార్కా పేరు మాత్రమే, సరకు నిజ స్వభావాన్ని తెలిపేది కాదు అని కనీసం మూడు మిల్లీమీటర్ల అక్షరాలలో పొట్లం మీద అచ్చువేయాలి. చిన్న పొట్లాలకు అక్షరాల సైజులో కొంత సడలింపు వున్నది. ఒక ప్రక్క స్వచ్ఛ అని చాటుకుని, రెండవ ప్రక్క అది పేరు మాత్రమేనని ఒప్పుకోవడం ఏ వర్తకుడికీ శోభించదు.

చెవికి, నోటికి పరీక్ష

మిగిలిన నాలుగూ సరకును వర్ణించేవి కావు. అందువల్ల చట్టం దృష్టిలో ఇవి గట్టి పేర్లు. కాని చట్టానికి నచ్చిన పేరు బజారుకు నచ్చాలని లేదు.

కెంజాయ అంటే ఎర్రని ఛాయ. వినసొంపైన తెలుగు మాట, కారానికి అతికినట్టున్నది. అయితే ఈ కంపెనీ పసుపు కూడా అమ్ముతుంది. పసుపు ఎర్రబారడం కుంకుమ చేసేవారికి కావాలి గాని, కూరలో వేసుకునేవారికి కాదు. కారంలో కృత్రిమ రంగు కలుపుతారన్న అనుమానం కొనేవారిలో ముందే వున్నది. అటువంటప్పుడు పేరులోనే రంగును ఎత్తిచూపడం ఆ అనుమానానికి ఆజ్యం పోయడమే. మార్కాను ఎంచుకునేటప్పుడు నేటి ఒక్క సరకునే గాక, ఐదేళ్ళలో ఆ పేరు క్రింద రాబోయే సరకులన్నిటినీ ప్రక్కప్రక్కన రాసి చదువుకోవాలి. "కెంజాయ పసుపు" అని రాసి చూసుకున్న అన్నదమ్ములు దానిని వదిలివేశారు.

పాలపిట్ట దసరానాడు కనుపిస్తే శుభమని మనకు నమ్మకం. మన రాష్ట్రాలలో ఆ పేరుకు ఎదురులేదు. కాని వీరి సరకులో కొంత నాగపూరు ప్రాంతానికి పంపాలని ఆలోచన. ఆంగ్లాక్షరాలలో PALAPITTA అని రాస్తే హిందీ వచ్చినవారు చివరి భాగాన్ని పిత్తం అని చదివే అవకాశం వున్నది. కారం తింటే పిత్తం చేస్తుందని లోకంలో ఎలాగూ అంటారు. ఆ మాట మనమే పొట్లం మీద అచ్చువేయడం దేనికి? సరకు వెళ్ళబోయే ప్రతి ప్రాంతపు భాష వచ్చిన ఇద్దరు ముగ్గురి చేత పేరును పైకి చదివించుకోవడం అందుకే అవసరం.

గోరువంక ఈ పరీక్షలో నిలిచింది. ఆ పక్షికీ కారానికీ సంబంధం లేదు, అదే దాని బలం. పేరును పరీక్షించడానికి మంచి ఉపాయం ఒకటున్నది. రద్దీగా వున్న వేళ కిరాణా దుకాణం ముందు నిలబడి, "గోరువంక కారం వంద గ్రాములు ఇవ్వండి" అని మామూలు గొంతుతో అడిగినట్టు పలకాలి. కొట్టులో కుర్రవాడు, "ఏమిటండీ?" అని రెండుమార్లు అడిగితే ఆ పేరు నోటికి ఎక్కదని అర్థం. వాడు మరొక కంపెనీ పొట్లం తీసి ఇస్తే అది ఇంకా పెద్ద ప్రమాదం, పేరు మరొకరి పేరుకు దగ్గరగా వినబడుతున్నదన్నమాట.

ఈ రెండవ ప్రమాదాన్నే న్యాయస్థానాలు కూడా తూచి చూస్తాయి. "అమృతధార", "లక్ష్మణధార" అనే మందుల పేర్ల వివాదంలో సుప్రీంకోర్టు 1962లో చెప్పిన సూత్రం నేటికీ ప్రమాణంగా వున్నది. రెండు పేర్లను ప్రక్కప్రక్కన పెట్టి అక్షరాలు విడదీసి చూడరాదు. ఒక పేరు పూర్తిగా గుర్తులేని సామాన్య కొనుగోలుదారు రెండవ పేరు వింటే పొరపాటు పడతాడా లేదా అన్నదే ప్రశ్న. అమృతం, లక్ష్మణుడు వేరువేరు మాటలే అయినా ఆ రెండు పేర్లు పొరపాటుకు తావిచ్చేంత దగ్గరగా వున్నాయని కోర్టు తేల్చింది. మసాలాలలో "ఎం.డి.హెచ్." వారు "ఎం.హెచ్.ఎస్." అనే పేరుపై వేసిన దావాలో 2011లో ఢిల్లీ హైకోర్టు ఎం.డి.హెచ్. వారి పక్షమే తీర్పు చెప్పింది. అక్కడ మూడు అక్షరాలే కాక, అవి కూర్చిన షడ్భుజుల ఆకృతి కూడా లెక్కకు వచ్చింది. కనుక అక్షరం మార్చాము గదా అన్న ధీమా పనికిరాదు.

రిజిస్ట్రీలో వెతకడం ఎట్లా?

ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో నమోదైన మార్కాలను, దరఖాస్తు దశలో వున్నవాటిని ఎవరైనా రుసుము లేకుండా వెతకవచ్చు. సరకులు, సేవలు అన్నీ కలిపి 45 తరగతులుగా విభజింపబడి వున్నాయి. మసాలా దినుసులు, పొడులు 30వ తరగతిలోకి వస్తాయి. ఇక్కడ జరిగే మామూలు పొరపాటు ఏమంటే, తాము రాసే స్పెల్లింగు ఒక్కటే వేసి చూసి, ఏమీ రాలేదని సంతోషించడం.

తెలుగు పేరుకు ఆంగ్లంలో ఒకే స్పెల్లింగు వుండదు. అన్నదమ్ములు ముందు GORUVANKA అని వెతికారు. తరువాత GORUVANKAA, GORUWANKA, GORVANKA, GORUVANK అని వెతికారు. ఆ మాటతో మొదలయ్యేవి, ఆ మాట ఎక్కడైనా గలవి అని రెండు విధాలా చూడాలి. ధ్వని సామ్యాన్ని బట్టి వెతికే సదుపాయం వేరుగా వున్నది, అది తప్పక వాడాలి. ఆ తరువాత అర్థాన్ని వెతకాలి. గోరువంకనే హిందీలోను, ఆంగ్లంలోను మైనా అంటారు. కనుక MAINA, MYNA, MYNAH అని కూడా చూడాలి. ఎవరైనా ఇదివరకే పక్షి బొమ్మతో మైనా మసాలా నమోదు చేసుకుని వుంటే, పేరు వేరైనా భావం, బొమ్మ ఒకటై తగవు రావచ్చు. బొమ్మలను వెతకడానికి వియన్నా వర్గీకరణ అనే అంకెల పద్ధతి వున్నది. అందులో పక్షులు 3.7 క్రింద వస్తాయి.

తరగతి 30 ఒక్కటే చూసి ఊరుకోరాదు. మాంసం, నూనెలు, అనేక పచ్చళ్ళు 29లో వుంటాయి. పండ్లు, పచ్చి కూరగాయలు 31లో, దుకాణాల సేవలు 35లో, హోటళ్ళు 43లో వస్తాయి. ఒకే ఇంటి వంటగదికి చేరే సరకులు కనుక పచ్చళ్ళకు ఒకరు, కారానికి మరొకరు ఒకే పేరు వాడితే రెండూ ఒకే కంపెనీవని జనం అనుకోవడం సహజం.

వెతికినప్పుడు కనుపించే స్థితి వాక్యాన్ని సరిగా చదవాలి. Registered అంటే నమోదు అయినది. Objected అంటే పరీక్షాధికారి అభ్యంతరం చెప్పినది, ఇంకా సజీవంగా వున్నట్టే లెక్క. Opposed అంటే మూడవ పక్షం వ్యతిరేకించినది. Abandoned అంటే దరఖాస్తు వదిలివేసినది. ఈ చివరి మాట చూసి పేరు ఖాళీ అయిందని పొంగిపోరాదు. దరఖాస్తు వదిలివేసినవాడు వ్యాపారం వదిలివేశాడని అర్థం కాదు. ఎందుకు వదిలివేశాడో పరీక్షా నివేదిక దొరికితే చదవాలి. అదే అభ్యంతరం రేపు మనకూ ఎదురు కావచ్చు.

రిజిస్టరులో లేని యజమానులు

ఇంతవరకు అన్నదమ్ములకు ఎక్కడా అడ్డం తగలలేదు. కంపెనీ పేరు కూడా కేంద్ర ప్రభుత్వ కంపెనీల శాఖ వారు అనుమతించారు. ఇక అడ్వాన్సు ఇచ్చివేద్దామని అన్న అన్నాడు. ఇక్కడే రెండు అపోహలు తీరవలసి వున్నది.

మొదటిది, కంపెనీ పేరు దొరికితే మార్కా దొరికినట్టు కాదు. కంపెనీల శాఖ వారు రిజిస్టరైన కంపెనీల పేర్లతోను, ట్రేడ్ మార్కులతోను కొంతవరకు పోల్చి చూసినా, వారి అనుమతి మార్కా హక్కు నివ్వదు. పైగా నమోదైన మార్కా యజమాని కంపెనీ ఏర్పడిన మూడేళ్ళ లోపల దరఖాస్తు చేసి, ఆ కంపెనీ పేరునే మార్పించవచ్చునని 2013 నాటి కంపెనీల చట్టం 16వ సెక్షను చెపుతున్నది.

రెండవది ఇంకా ముఖ్యమైనది. మన దేశంలో మార్కా హక్కు రిజిస్టరుతోనే పుట్టదు, వాడకంతో పుడుతుంది. ముందునుంచి వాడుతున్నవాడు నమోదు చేసుకోకపోయినా, తరువాత నమోదు చేసుకున్నవాడు అతని వాడకాన్ని ఆపలేడని 34వ సెక్షను చెపుతున్నది. అంతే కాదు, తన పేరుతో మరొకరు సరకు చలామణి చేస్తున్నారని ముందువాడే దావా వేయవచ్చు. మాట నిఘంటువులో వున్నది గదా అన్న వాదన ఎల్లవేళలా నిలవదు. "ఈనాడు" అనే పేరుతో అగరువత్తులు అమ్మిన బెంగుళూరు వర్తకుడికి, ఆ పేరుతో దినపత్రిక నడిపే ఉషోదయ సంస్థకు జరిగిన వ్యాజ్యంలో, అది తెలుగులో మామూలు మాట అని వాదన వచ్చింది. అయినా ఆ మాటకు ఆ సంస్థ వల్ల ప్రత్యేక అర్థం ఏర్పడిందని చెప్పి సుప్రీంకోర్టు 2011లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుతో అగరువత్తుల అమ్మకాన్ని నిలిపివేసింది. పత్రిక వేరు, అగరువత్తి వేరు అన్న తేడా కూడా అక్కడ రక్షించలేదు.

కాబట్టి రిజిస్టరు వెతికిన తరువాత బజారు వెతకాలి. దీనికి కంప్యూటరు కంటె కాళ్ళు ఎక్కువ ఉపయోగం. హైదరాబాదు బేగంబజారులోను, విజయవాడ ఒన్‌టౌనులోను టోకు కిరాణా వర్తకులను అడగాలి. చిన్న ఊళ్ళకు సరకు తిప్పే లైను సేల్సుమన్లను అడగాలి. వారికి తెలియని పొట్లం వుండదు. కవర్లు అచ్చువేసే ప్రింటరును కూడా, "ఈ పేరు ఎప్పుడైనా వేశారా?" అని అడగవచ్చు. ఆహార లైసెన్సు నంబరు పొట్లం మీద వుంటుంది గనుక, దొరికిన పొట్లాన్ని ఎవరు తయారు చేశారో పోల్చుకోవడం కష్టం కాదు.

తమ్ముడు వారం రోజులు ఈ పని మీద తిరిగాడు. తెనాలిలో ఒక కిరాణా కొట్టులో గోరువంక ఆవకాయ సీసా కనుపించిందనుకుందాము. తయారుచేసే ఆమె ఎనిమిదేళ్ళుగా ఇంటివద్ద పచ్చళ్ళు, కందిపొడి, కారప్పొడి చేసి చుట్టుప్రక్కల అమ్ముతున్నది. రిజిస్ట్రేషను లేదు. కాని బిల్లు పుస్తకాలున్నాయి, అచ్చువేసిన లేబుళ్ళున్నాయి, ఆహార రిజిస్ట్రేషను వున్నది.

"ఆమెది చిన్న వ్యాపారమేరా, రిజిస్టరులో లేదు గదా. మనం ముందు దరఖాస్తు వేద్దాము" అన్నాడు అన్న.

"వేయవచ్చు అన్నయ్యా, నంబరు కూడా వస్తుంది. మన మార్కా పత్రికలో ప్రకటించిన నాలుగు నెలల్లోపల ఆమె వ్యతిరేకిస్తే ఏం చూపిస్తాం? ఆమె దగ్గర ఎనిమిదేళ్ళ బిల్లులున్నాయి. మన దగ్గర ప్రింటరు కొటేషను వున్నది" అన్నాడు తమ్ముడు.

తమ్ముడు చెప్పినదే నిజం. ఇటువంటి స్థితిలో దారులు మూడే వున్నాయి. ఆమె వద్ద మార్కాను, దాని మంచిపేరుతో సహా, రాతపూర్వకంగా కొనుక్కోవడం ఒకటి. తనకు అభ్యంతరం లేదని పత్రం రాయించుకుని ఇద్దరూ వాడుకోవడం రెండవది. ఇది చవకగా కనుపిస్తుంది గాని, రేపు ఆమె పచ్చడి చెడిపోతే ఆ చెడ్డపేరు వీరి కారానికీ అంటుతుంది, వీరిది చెడిపోతే ఆమెకు అంటుతుంది. పేరును వదిలివేయడం మూడవది. ఆమె అమ్మనని చెప్పినందువల్ల అన్నదమ్ములు వదిలివేసి, పట్టికలోని ఆఖరి పేరు తంగేడుతో మళ్ళీ మొదటినుంచి వెతకడం ప్రారంభించారు. TANGEDU, THANGEDU, TANGEDDU అంటూ అన్ని రూపాలూ, అన్ని తరగతులూ, మళ్ళీ బజారు. ఇందుకు మరొక పదిహేను రోజులు పట్టింది. సిలిండర్లు ముందే చెక్కించి వుంటే పోయేది పదిహేను రోజులు మాత్రం కాదు.

దరఖాస్తులో జాగ్రత్తలు

వెతుకులాట పూర్తికాగానే ఆలస్యం చేయక దరఖాస్తు వేయాలి. నమోదు ఎప్పుడు పూర్తయినా హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయ పరిధిలోకి వస్తాయి. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు, స్టార్టప్ సంస్థలకు ఆన్‌లైను దరఖాస్తు రుసుము ఒక్కొక్క తరగతికి రూ. 4,500. ఇతర సంస్థలకు రూ. 9,000. తెలుగు లిపిలో మార్కా ఇస్తే దాని ఉచ్చారణను, అర్థాన్ని కూడా తెలపాలి. బొమ్మ, రంగు, అక్షరాల తీరు ముందు ముందు మారే అవకాశం వుంటుంది గనుక, కేవలం మాటకు ఒక దరఖాస్తు, బొమ్మతో కూడిన లేబులుకు మరొకటి వేయడం మంచిది. ఒకటికే డబ్బుంటే మాటకే వేయాలి.

వాడకం తేదీ అడిగిన చోట ఎక్కువమంది తప్పు చేస్తారు. తండ్రి దుకాణం పెట్టిన ఏడాది రాస్తే బలం వస్తుందని భావిస్తారు. దుకాణం వేరు, ఈ మార్కాతో ఈ సరకు అమ్మడం వేరు. ముందునుంచి వాడుతున్నామంటే ప్రమాణపత్రం, బిల్లులు జతపరచాలి. అబద్ధపు తేదీ రేపు వ్యాజ్యంలో మొత్తం కేసునే ముంచుతుంది. ఇంకా అమ్మకం మొదలు కాకపోతే, వాడదలచినది అని నిజం రాయడమే క్షేమం.

పరీక్షా నివేదికలో అభ్యంతరం వస్తే, అందిన నెలలోగా జవాబివ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలివేసినట్టుగా పరిగణిస్తారు. నివేదిక చూసే దిక్కులేక పోయిన దరఖాస్తులు అనేకం. దరఖాస్తు నంబరు వచ్చింది మొదలు పేరు ప్రక్కన టి.ఎం. అని వేసుకోవచ్చు. వృత్తంలో ఆర్ అక్షరం మాత్రం నమోదు పత్రం చేతికి వచ్చిన తరువాతనే వేయాలి. ముందుగా వేస్తే చట్టరీత్యా జరిమానా కట్టవలసివస్తుంది. నమోదు పదేళ్ళకు చెల్లుతుంది, తరువాత పదేసి ఏళ్ళకు పొడిగించుకుంటూ పోవచ్చు. అయితే నమోదు చేసి వాడకుండా పెట్టుకుంటే, ఐదేళ్ళు దాటిన తరువాత మరొకరు దానిని తొలగించమని కోరే వీలున్నది.

కనుక వరస ఇది: పేర్లు రాయడం, వర్ణించేవి, పొగిడేవి కొట్టివేయడం, పైకి పలికించి చూడడం, రిజిస్టరు వెతకడం, బజారు వెతకడం, దరఖాస్తు వేయడం, ఆ తరువాతనే ప్రింటరు వద్దకు వెళ్ళడం. మొదటి విడతకు అన్ని డిజైన్లకూ సిలిండర్లు చెక్కించక, సాదా కవరు మీద అంటించే లేబుళ్ళతో కొద్దిపాటి సరకు బజారులో విడిచి చూసేవారు కూడా వున్నారు. చూపులకు కొంచెం తక్కువైనా, పేరు మీద ఎవరైనా అభ్యంతరంతో వస్తే ఆ లేబుళ్ళ కట్ట పారవేయడం తేలిక.